రూపాయి వడ్డీకి లాభం, రూపాయిన్నరకు నష్టం

మన ఊళ్లలో అప్పు మాట వస్తే ముందు తేలాల్సింది వడ్డీ సంగతి. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రూపాయిన్నర అంటే 18 శాతం. ఈ లెక్క చదువు రానివాళ్లకూ నోటికొచ్చు. అయితే అప్పు తీసుకునేటప్పుడు ఇంత జాగ్రత్తగా చూసే వడ్డీని, అదే డబ్బుతో పెట్టబోయే వ్యాపారం లెక్కలో చాలామంది వదిలేస్తారు. వచ్చే రాబడిని ఐదేళ్లకు కలిపి, పెట్టుబడి కంటే ఎక్కువ ఉంటే చాలనుకుంటారు. రాబడి ఏటా ఒకేలా లేనప్పుడు ఈ లెక్క ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఒక చిన్న గానుగ నూనె యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవే.

భార్యాభర్తలిద్దరు తమ ఊళ్లో చెక్క గానుగ పెట్టాలనుకున్నారు. గానుగలు, మోటార్లు, షెడ్డు మరమ్మతు, కరెంటు కనెక్షన్ కలిపి ఎనిమిదిన్నర లక్షలు. పంట చేతికొచ్చే రోజుల్లో వేరుసెనగ, నువ్వులు కొని నిల్వ పెట్టుకోవడానికి మరో లక్షన్నర. మొత్తం 10 లక్షలు.

మొదటి ఏడాది వాడకందార్లు కుదరాలి కాబట్టి కూలి, కరెంటు, సరుకు ఖర్చులన్నీ పోను లక్షే మిగులుతుంది. రెండో ఏడాది రెండున్నర లక్షలు, మూడో ఏడాది మూడున్నర లక్షలు. నాలుగో ఏడాది 4 లక్షలు మిగలాలి గానీ, అరిగిపోయిన రోళ్లు, రోకళ్లు మార్చడానికి లక్షన్నర పోతుంది. కనుక చేతికి వచ్చేది రెండున్నర లక్షలే. ఐదో ఏడాది మళ్లీ 4 లక్షలు. ఆ ఏడాది చివర యూనిట్ మూసేస్తే పాత యంత్రాలకు 2 లక్షలు వస్తాయి, సరుకులో ఇరుక్కున్న లక్షన్నర కూడా తిరిగొస్తుంది. అంటే ఐదో ఏడాది మొత్తం ఏడున్నర లక్షలు.

అన్నీ కూడితే 17 లక్షలు. పది పెడితే పదిహేడు వస్తున్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఇందులో దాదాపు సగం ఐదో ఏడాదిలోనే ఉంది. అప్పటిదాకా పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే నికర ప్రస్తుత విలువ పనికొస్తుంది. ఈ రోజు 100 రూపాయలు 12 శాతానికి ఇస్తే ఏడాదికి 112 అవుతాయి. తిరగేసి చెబితే, ఏడాది తర్వాత వచ్చే 112 రూపాయలకు ఈ రోజు విలువ 100 మాత్రమే. అంటే ఏడాది తర్వాత వచ్చే డబ్బును 1.12తో ఒకసారి భాగించాలి, రెండేళ్ల తర్వాత వచ్చేదాన్ని రెండుసార్లు, ఐదేళ్ల తర్వాత వచ్చేదాన్ని ఐదుసార్లు. రాబడి ఏటా వేరు కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా చేయాలి.

రూపాయి వడ్డీ లెక్కన గానుగ రాబడికి ఈ రోజు విలువ ఇది:

- మొదటి ఏడాది 1,00,000 : 89,286
- రెండో ఏడాది 2,50,000 : 1,99,298
- మూడో ఏడాది 3,50,000 : 2,49,123
- నాలుగో ఏడాది 2,50,000 : 1,58,880
- ఐదో ఏడాది 7,50,000 : 4,25,570

మొత్తం 11,22,157 రూపాయలు. ఇందులోంచి పెట్టుబడి 10 లక్షలు తీసేస్తే మిగిలే 1,22,157 రూపాయలే నికర ప్రస్తుత విలువ. అసలు వెనక్కొచ్చి, దాని మీద 12 శాతం వడ్డీ కూడా గిట్టి, ఆపైన ఈనాటి విలువలో ఇంత మిగులుతుందని దాని అర్థం. ఇది సున్నా కంటే ఎక్కువైతే ప్రాజెక్టు చేపట్టవచ్చు, తక్కువైతే వదులుకోవాలి.

ఇప్పుడు అదే గానుగను రూపాయిన్నర వడ్డీతో చూద్దాం. ప్రతి ఏటా 1.12 బదులు 1.18తో భాగిస్తే రాబడి మొత్తం విలువ 9,34,092కు పడిపోతుంది. అంటే 65,908 రూపాయల నష్టం. గానుగ మారలేదు, నూనె ధర మారలేదు, డబ్బు ఖరీదు ఒక్కటే మారింది.

ఈ లెక్కలో ఎక్కువమంది తొక్కే అడ్డదారి సగటు. 17 లక్షలను ఐదుతో భాగించి, ఏటా 3,40,000 వస్తుందనుకుని లెక్క కడతారు. అలా చేస్తే 18 శాతం వడ్డీకి కూడా ఈ గానుగ 63,238 రూపాయల లాభం చూపిస్తుంది. నిజానికి ఉన్నది 65,908 నష్టం. ఐదో ఏడాది చివర వచ్చే డబ్బును సగటు మొదటి ఏడాదిలోకి లాగేసింది. కాగితం మీద తప్ప ఆ డబ్బు అప్పుడు చేతిలో ఉండదు.

వడ్డీ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. కొందరు ఏటా మిగిలే డబ్బులోంచి అప్పు వడ్డీని ముందే తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ 1.12తో భాగిస్తారు. అలా భాగించడంలోనే వడ్డీ ఉంది. రెండూ చేస్తే ఒకే వడ్డీని రెండుసార్లు కట్టినట్టవుతుంది, మంచి ప్రాజెక్టు కూడా నష్టంగా కనిపిస్తుంది. యంత్రాల తరుగుదలదీ ఇదే సంగతి. యంత్రం ఖరీదును మొదటి రోజే పూర్తిగా లెక్కలో వేశాం. మళ్లీ ఏటా కొంత తరుగుదల తీసేయకూడదు. అయితే ఆదాయపు పన్ను కట్టేవారికి తరుగుదల వల్ల పన్ను తగ్గుతుంది, ఆ తగ్గిన మేరకు మిగులు పెరుగుతుంది.

ఎక్సెల్‌లో చేసేవారు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. B2 గడిలో పెట్టుబడిని -1000000 అని, B3 నుంచి B7 వరకు ఐదేళ్ల రాబడిని వేస్తే సూత్రం ఇలా ఉండాలి:

```
=NPV(12%,B3:B7)+B2
```

B2ను బ్రాకెట్ లోపల కలిపేస్తే, ఈ రోజే పెట్టే డబ్బును ఏడాది తర్వాత పెడుతున్నట్టు ఎక్సెల్ లెక్కిస్తుంది. మనకు 1,22,157 బదులు 1,09,069 వస్తుంది. రెండోది, ఏదైనా ఏడాది రాబడి లేకపోతే ఆ గడిలో 0 కొట్టాలి. ఖాళీగా వదిలితే ఎక్సెల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, తర్వాతి ఏళ్ల రాబడి ఒక్కో ఏడాది ముందుకు జరిగిపోయి విలువ ఎక్కువగా కనిపిస్తుంది.

విలువ సున్నా దాటిందని వెంటనే అడ్వాన్సు ఇవ్వడం కూడా తొందరపాటే. ఈ లాభం దేని మీద నిలబడిందో చూసుకోవాలి. చివర్లో పాత యంత్రాలకు వస్తాయనుకున్న 2 లక్షలు రాకపోతే ఏమవుతుంది? ఆ సొమ్ముకు ఈ రోజు విలువ 1,13,485. అది పోతే రూపాయి వడ్డీ దగ్గర కూడా మిగిలేది 8,672 రూపాయలే. అంటే ఈ గానుగ లాభంలో అత్యధిక భాగం నూనెలో లేదు, పాత యంత్రాలు కొనేవాడి జేబులో ఉంది. కాబట్టి ఆ దంపతులు నూనె ధరలు ఆరా తీయడానికి ముందు, ఐదేళ్లు వాడిన గానుగలు ఇప్పుడు ఎంతకు అమ్ముడుపోతున్నాయో కనుక్కోవాలి.

రకరకాల వడ్డీ రేట్లతో లెక్క కట్టి చూస్తే, దాదాపు 15.7 శాతం దగ్గర ఈ గానుగ విలువ సున్నా అవుతుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి ముప్పై పైసలు. అంతకంటే తక్కువ వడ్డీకి డబ్బు దొరికి, పాత యంత్రాల ధర మీద నమ్మకం కుదిరితే గానుగ పెట్టుకోవచ్చు. సొంత డబ్బయినా ఇదే కొలత. అది ఇంకోచోట, ఇంతే కష్టనష్టాలున్న చోట, ఎంత సంపాదించగలదో అదే దాని వడ్డీ. రూపాయిన్నరకు తప్ప అప్పు పుట్టకపోతే మాత్రం, 17 లక్షలన్న అంకె ఎంత ఊరించినా ఈ గానుగను వదులుకోవడమే మంచిది.