గిరీశానికి కోటు తొడిగిన కథ

మా క్లబ్బు కన్యాశుల్కంలో కొన్ని సీన్లు వేద్దామనుకున్నప్పుడు పోస్టరు పని నా మీద పడింది. అద్దె డ్రస్సులు నాటకం ముందు రోజు గానీ రావు. పోస్టరేమో పది రోజుల ముందే కావాలి. గిరీశం వేషం కట్టేవాడు మా హాస్టల్ వాడే. ఎడమ చెయ్యి నడుం మీద పెట్టి, కుడి చేతి వేళ్ల మధ్య చుట్ట పట్టుకుని, తల కాస్త వెనక్కి వాల్చి నిలబడే భంగిమ కోసం అద్దం ముందు రెండు వారాలు తంటాలు పడ్డాడు. ఫొటో తీసినప్పుడు మాత్రం వాడి ఒంటి మీద ఉన్నవి జీన్సు, ఛాతీ మీద పెద్ద అక్షరాలున్న ఫుల్ హ్యాండ్స్ టీషర్టు. "బట్టలు మార్చుకోరా, నన్ను మాత్రం మార్చకు" అన్నాడు. నాకు దొరికిన అసలు లెక్క అదే.

వాడుకున్నది స్టేబుల్ డిఫ్యూజన్ 1.5. ఇందులో ఇన్‌పెయింటింగ్ అని ఒక పద్ధతి ఉంది. ఫొటో మీద మనం తెల్లగా పూసిన చోటునే (దాన్నే మాస్క్ అంటారు) మోడల్ మళ్లీ గీస్తుంది. బట్టల మీద మాస్క్ పూసి, నల్ల కోటు, తెల్ల పంచె అని రాశాను. కోటు బాగానే వచ్చింది. కానీ నడుం మీద ఉండాల్సిన మోచెయ్యి కిందికి జారిపోయింది, మణికట్టు దగ్గర విడిగా అరచెయ్యి వేలాడుతోంది. కారణం తేలికే. మాస్క్ లోపల చెయ్యి ఎటు వంగి ఉందో మోడల్‌కి ఎవరూ చెప్పలేదు. అది తన ఊహ గీసింది.

ఆ చెప్పే పని కంట్రోల్‌నెట్‌ది. 2023లో ల్వ్‌మిన్ ఝాంగ్, అన్యీ రావ్, మనీష్ అగ్రవాలా రాసిన పేపరులోది ఈ పద్ధతి. అసలు మోడల్‌ని కదపకుండా, దాని ముందు సగానికి ఒక నకలు చేసి, ఆ నకలుకి మనం ఇచ్చే బొమ్మను చదవడం నేర్పుతారు. ఆ బొమ్మ అంచుల పటం కావచ్చు, అంటే నల్లటి కాగితం మీద తెల్ల గీతలు. ఫొటోలో వెలుగు ఒక్కసారిగా మారే చోటల్లా గీత పెట్టే కానీ పద్ధతి జాన్ కానీ 1986లో ప్రచురించింది. మన ఇమేజ్ ప్రాసెసింగ్ సిలబస్‌లో ఉన్నది అదే.

ఫొటో నుంచి అంచులు తీసి కంట్రోల్‌నెట్‌కి ఇచ్చాను. చెయ్యి తన చోటికి వచ్చింది, భంగిమ చెక్కుచెదరలేదు. కానీ టీషర్టు మీది అక్షరాలు కోటు మీద ఎంబ్రాయిడరీగా తేలాయి. పంచె బదులు తెల్ల ప్యాంటు వచ్చింది, మోకాళ్ల దగ్గర జీన్సు ముడతలతో సహా!

ఇక్కడే విషయం బోధపడింది. అంచుల పటంలో గీతకి పేరు లేదు. ఇది మోచెయ్యి, ఇది జేబు, ఇది ముడత అని దానికి తెలియదు. అన్నిటినీ ఒకే శ్రద్ధతో కాపాడుతుంది. ఏది ఒళ్లు, ఏది బట్ట అన్నది మనమే తేల్చి, బట్ట గీతలు చెరిపేసి ఇవ్వాలి.

అందుకు రెండు మాస్కులు కావాలి. ఒకటి బట్టల అంచు వరకూ కచ్చితంగా పూసింది. దాన్ని నాలుగు పిక్సెళ్లు లోపలికి కుదించి, ఆ లోపలి గీతలన్నీ చెరిపేస్తే అక్షరాలు, ముడతలు పోతాయి, ఒంటి చుట్టూ ఉండే గీత మిగులుతుంది.

```python
import cv2, numpy as np
img = cv2.imread("photo.png")
mask = cv2.imread("cloth.png", 0)
edges = cv2.Canny(img, 100, 200)
inner = cv2.erode(mask, np.ones((9, 9), np.uint8))
edges[inner > 127] = 0
cv2.imwrite("edges.png", edges)
```

రెండోది మోడల్ గీయడానికి. ఇది బట్టల కంటే పది పన్నెండు పిక్సెళ్లు వెడల్పు, ఎందుకంటే కోటు టీషర్టు కంటే దళసరి. ముఖం, అరచేతులు, పాదాలు రెండు మాస్కులకీ బయటే ఉండాలి. వేళ్లు నడుం మీద ఆనిన చోట మాస్క్‌ని బాగా పెద్దది చేసి చూసుకుంటూ పూయాలి. అక్కడ ఒక్క వేలు లోపలికి పోయినా ఆరో వేలు మొలిచే ప్రమాదం ఉంది.

చెరపకూడని గీత ఒకటుంది. నడుం మీద చెయ్యి పెడితే చేతికీ ఒంటికీ మధ్య త్రికోణంలా ఖాళీ వస్తుంది కదా, దాని అంచు పోతే మోడల్ ఆ ఖాళీని కూడా కోటుతో నింపేస్తుంది. అప్పుడు చెయ్యి ఉంటుంది గానీ భంగిమ ఉండదు.

నడుం కింద లెక్క తిరగబడుతుంది. కోటు దాదాపు టీషర్టు ఆకారంలోనే ఉంటుంది కాబట్టి పాత చుట్టుగీత పనికొచ్చింది. పంచె అలా కాదు, రెండు కాళ్ల మధ్య ఖాళీ మీదుగా జారుతుంది. జీన్సు చుట్టుగీత మిగిలి ఉన్నంతసేపు ఎన్నిసార్లు పంచె అని రాసినా ప్యాంటే వస్తుంది. అందుకని నడుం నుంచి చీలమండల వరకు గీతలన్నీ తుడిచేసి, పెయింట్‌లో సన్నటి తెల్ల బ్రష్‌తో రెండు పక్కలా పంచె జారే గీతలు, మధ్యలో కుచ్చెళ్ల గీతలు మూడు నేనే గీశాను. నాకు బొమ్మలు రావు. అయినా సరిపోయింది. పెద్ద మాస్క్‌ని కూడా కాళ్ల మధ్య ఖాళీ కప్పేలా పెంచాను. పాదాలు మాస్క్ బయటే ఉన్నాయి కాబట్టి నిలబడ్డ తీరు మారలేదు.

ఇక సెట్టింగులు. మనం సరిచేసిన పటం ఇస్తున్నాం కాబట్టి `Preprocessor` దగ్గర `none` పెట్టాలి. మర్చిపోతే గీతలకే మళ్లీ అంచులు తీస్తుంది, ప్రతి గీతా జంట గీత అవుతుంది. పటం, ఫొటో ఒకే కొలతలో ఉండాలి. నావి 512×768. `Denoising strength` 0.9 పెట్టాను. 0.5 దగ్గర టీషర్టు నీలం రంగు కోటులోకి పాకింది. `Control Weight` 0.8. `Ending Control Step` 0.6, అంటే 30 అడుగుల్లో మొదటి 18 వరకే గీతల అదుపు. పెద్ద ఆకారాలు ముందే కుదురుతాయి, ముడతలు, గుండీలు చివర్లో వస్తాయి. చివరి దాకా పట్టి ఉంచితే బట్ట అట్టముక్కలా బిగుసుకుపోయింది.

బాగా వచ్చిందా లేదా అన్నది బొమ్మని ఒక్కదాన్నే చూస్తే తెలియదు. కొత్తదాన్ని పాత ఫొటో మీద లేయరుగా పెట్టి ఆన్, ఆఫ్ చేశాను. మోచెయ్యి, భుజాలు, చీలమండలు గెంతకూడదు. ఒకదాంట్లో ఎడమ భుజం రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. మిగతావాళ్లెవరూ కనిపెట్టలేదు, గిరీశం మాత్రం "నేను భుజం అలా ఎగరెయ్యను" అన్నాడు. చూస్తే, ఆ చోట నా చిన్న మాస్క్ భుజం దాటి పోయి, చుట్టుగీత కొంత చెరిగిపోయింది. మాస్క్ సరిచేశాక భుజం దిగింది.

ఈ పద్ధతికి దాటలేని హద్దు ఒకటి ఉంది. బట్ట కింద దాగిన ఒళ్లు ఫొటోలో లేదు కాబట్టి పటంలోనూ ఉండదు. వదులు బట్టల్లో తీసిన ఫొటోకి బిగుతు బట్టలు వేస్తే వచ్చేది ఆ మనిషి ఒళ్లు కాదు, మోడల్ కల్పన. కాబట్టి ఫొటో తీసేటప్పుడే ఒంటికి అతుక్కునే ఫుల్ హ్యాండ్స్ తొడిగించండి. ఆ మనిషి ఒప్పుకున్న బట్టలే వేయండి.

పోస్టరు కింద చిన్న అక్షరాలతో "కోటు, పంచె కంప్యూటర్ గీసినవి" అని రాశాం. "మరి భంగిమ?" అన్నాడు వాడు. "భంగిమ నటుడిదే" అని ఇంకో ముక్క చేర్చాం.