ఫొటో పోయిన లెక్క

ఇంటర్ చదివే మా మేనకోడలు భాగస్వామ్య ఖాతాల లెక్క ఒకటి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. నేను తెరిచేలోపే అది కాస్తా పోయింది, పుస్తకం చూస్తే స్నేహితురాలి దగ్గరుంది. చివరికి గుర్తున్నదే టైప్ చేసి పంపింది: "రమ, గోపాల్ మూలధన నిష్పత్తి 3:2. వడ్డీ 10 శాతం. రమ నెలకు 4,000 వాడుకుంది. లాభం 97,400. పంచండి మామయ్యా."

ఇలా పంపితే ఎవరూ పంచలేరు. 3:2 అంటే 3 లక్షలు, 2 లక్షలు కావచ్చు, 30 వేలు, 20 వేలు కావచ్చు. మూలధనంపై వడ్డీ కట్టాలంటే రూపాయలు కావాలి. అడిగితే, ఇద్దరిదీ కలిపి అయిదు లక్షలంది. అంటే వడ్డీ రమకు 30,000, గోపాల్‌కు 20,000. అది ఏడాది మొదట్లో ఉన్న మూలధనమైతేనే సుమా! ఏడాది చివరి నిల్వ అయితే సొంతవాడకాలు తిరిగి కలిపి, అందులో చేరిన లాభం తీసేసి, మొదటి అంకె రాబట్టాలి.

సొంతవాడకాల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. నెలకు 4,000 చొప్పున ఏడాదికి 48,000. ప్రతి నెలా మొదట్లో తీస్తే సగటున ఆరున్నర నెలల వడ్డీ, 2,600. నెలాఖరున తీస్తే అయిదున్నర నెలలకు 2,200. నెల మధ్యలో అయితే 2,400. "సంవత్సరానికి" అన్న మాట లేకుండా ఉత్త 10 శాతమే ఇస్తే, కాలంతో పని లేకుండా 4,800 వేయడం పాఠ్యపుస్తకాల పద్ధతి.

"వెనక జవాబు గుర్తుందా?" అన్నాను.

"ఇద్దరికీ చెరో 25,000 లాభం."

దారి దొరికింది. పంచిన లాభం 50,000 అన్నమాట. 97,400 లోంచి మూలధనంపై వడ్డీ 50,000 తీస్తే 47,400 మిగులుతుంది. 50,000కు తక్కువ సరిగ్గా 2,600. అంటే రమ నెల మొదట్లోనే తీసుకుంది.

కానీ తను 3:2లో పంచి 30,000, 20,000 రాసుకుంది. మూలధన నిష్పత్తినే లాభాల నిష్పత్తి అనుకోవడం ఈ పాఠంలో పాత పొరపాటు. లాభాల పంపకం గురించి ఒప్పందం ఏమీ చెప్పకపోతే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సమానంగానే పంచాలి. వడ్డీ గురించి చెప్పకపోతే మూలధనంపై వడ్డీయే ఉండదు.

కాసేపటికి మళ్లీ టైప్ చేసి పంపింది: "ఏప్రిల్ 1న మూలధనాలు రమ 3,00,000, గోపాల్ 2,00,000. రెండు వడ్డీలూ సంవత్సరానికి 10 శాతం. రమ ప్రతి నెలా మొదటి తేదీన 4,000 తీసుకుంది. వడ్డీలు వేయకముందు లాభం 97,400. లాభాల నిష్పత్తి ఇవ్వలేదు."

ఆ ఆఖరి వాక్యం కూడా లెక్కలో భాగమే.