పేరు పలకడం రాదన్నంత మాత్రాన మార్చుకోవాలా?

విదేశాల్లో పరిశోధనకు వెళ్లిన మనవాళ్లకు మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న: 'నిన్ను పిలవడానికి చిన్న పేరేమైనా ఉందా?' ఎల్లయ్య అనే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. Yellaiah అని చూసి ఒకరు 'యెలాయా' అంటారు, మరొకరు అసలు పిలవడమే మానేస్తారు. 'ఈలై' (Eli) అనమంటే అందరికీ సులువు. అలా మార్చుకోవాలా?

ముందు తేల్చుకోవలసింది, ఏ కారణంతో మార్చుకుంటున్నామనేది. పలకడమే ఇబ్బందయితే దానికి చిన్న ఉపాయం ఉంది. ఈమెయిల్ కింద సంతకంలో Yell-uh-ya అని విడగొట్టి రాస్తే చాలామంది నేర్చుకుంటారు. అది చూసినా నేర్చుకోనివారికి సమస్య మన పేరుతో కాదు.

కులం కనబడకూడదన్నది కారణమైతే ఈలై అన్న పేరు పెద్దగా కాపాడదు. తెల్లవాళ్లకు ఎల్లయ్య అన్నా కులం తెలియదు. తెలిసేది తోటి భారతీయులకే. వాళ్లు ఇంటిపేరు, ఊరు, వాడ అడిగి తెలుసుకుంటారు.

మార్చుకోవాలనే అనుకుంటే, పిలుపు పేరు, చట్టబద్ధమైన పేరు, ప్రచురణ పేరు వేర్వేరని గుర్తుంచుకోవాలి. పిలుపు పేరుగా ఈలై వాడటానికి ఏ కాగితమూ అక్కర్లేదు. వీసా, జీతం, బ్యాంకు ఖాతా మాత్రం పాస్‌పోర్టు పేరుతోనే నడుస్తాయి. పాస్‌పోర్టులో కూడా మార్చేస్తే చిక్కు మన దగ్గర మొదలవుతుంది. పదో తరగతి మెమో, డిగ్రీలు, కులధ్రువీకరణ పత్రం అన్నీ ఎల్లయ్య పేరుతోనే ఉంటాయి. రేపు తిరిగొచ్చి రిజర్వుడు పోస్టుకు దరఖాస్తు చేస్తే ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవాలి. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, ఎస్సీ హోదాను హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే పరిమితం చేస్తోంది. పేరు మారితే మతం మారినట్టు కాదు. అయినా పత్రాల్లో క్రైస్తవ పేరు కనబడితే అనుమానపు ప్రశ్నలు రావచ్చు. అందుకే చట్టబద్ధమైన పేరును కదపకపోవడమే మేలని మేం అనుకుంటాం.

ప్రచురణ పేరును మొదటి వ్యాసం పంపే ముందే తేల్చుకోవాలి. ఒక వ్యాసం ఎల్లయ్యగా, మరొకటి ఈలైగా వస్తే ఉల్లేఖనలు ఇద్దరు మనుషుల ఖాతాల్లో చీలిపోతాయి. ఇప్పటికే అలా జరిగి ఉంటే ORCID ఖాతా తెరిచి, Also known as అనే చోట రెండో పేరు చేర్చాలి. ఆ 16 అంకెల గుర్తింపు పేరు మారినా మారదు. అయితే పాత వ్యాసం మీద అచ్చయిన పేరును అది మార్చదు.

కంచ ఐలయ్య తన పేరుకు 'షెపర్డ్' అనే ఇంగ్లిష్ మాట చేర్చుకున్నారు, ఐలయ్యను తీసేయలేదు. గొర్రెలు కాసిన వారసత్వాన్ని ఇంగ్లిష్‌లో చెప్పుకునే మాట అది. ఇంగ్లిష్ పేరు దాచడానికే కాదు, చెప్పుకోవడానికీ పనికొస్తుంది. మన ఎల్లయ్య కాఫీ దగ్గర ఈలై కావచ్చు. సిద్ధాంత గ్రంథం అట్ట మీద ఎల్లయ్యగా ఉంటే, ఆ పని ఎవరిదో అతని ఊరికీ తెలుస్తుంది.