సగం మంది రాశారు కాబట్టి మంచి ప్రశ్నేనా?

37 మంది ఉన్న తరగతికి భౌతికశాస్త్రంలో బహుళైచ్ఛిక పరీక్ష పెట్టారనుకుందాం. పేపర్లు దిద్దాక మార్కులు వేసి ఊరుకోకుండా, ఒక్కో ప్రశ్ననూ పరీక్షించవచ్చు. దీన్నే ప్రశ్నాంశ విశ్లేషణ అంటారు.

ముందు పేపర్లను మొత్తం మార్కుల ప్రకారం పై నుంచి కిందికి పేర్చాలి. పైన 27 శాతం, అడుగున 27 శాతం తీసుకోవాలి. ఈ వాటాను 1939లో అమెరికాకు చెందిన ట్రూమన్ కెల్లీ సూచించారు. రెండు గుంపుల మధ్య తేడా బాగా కనిపించాలి, గుంపులు మరీ చిన్నవీ కాకూడదు. ఆ రెండూ సరిగ్గా కుదిరే చోటు అదేనని ఆయన లెక్క. మన తరగతిలో గుంపుకు పది మంది వస్తారు.

మొదటి ప్రశ్న: నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అత్యంత ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? పై గుంపులో 8 మంది, కింది గుంపులో 3 మంది సరిగ్గా రాశారు. ఇరవై మందిలో పదకొండు మంది, అంటే 11/20 = 0.55. ఇది కాఠిన్య సూచిక. పేరు కాఠిన్యమే అయినా, ఈ అంకె పెరిగేకొద్దీ ప్రశ్న సులువని అర్థం. ఇక పై గుంపు నుంచి కింది గుంపును తీసేసి, పదితో భాగిస్తే (8 − 3)/10 = 0.5. ఇది విచక్షణా సూచిక. 0.4 దాటితే ప్రశ్న చాలా బాగున్నట్టు. కింది గుంపులో తప్పిన ఏడుగురిలో ఆరుగురు ‘సున్నా’ ఎంచుకున్నారు. వేగం సున్నా అయితే త్వరణమూ సున్నాయే అన్న పొరపాటును ఆ ఆప్షన్ పట్టుకుంది.

రెండో ప్రశ్న: నీరు ఎన్ని డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది? ఎ) 100 బి) 80 సి) పీడనాన్ని బట్టి మారుతుంది డి) 0. కీ ప్రకారం జవాబు ‘ఎ’. పై గుంపులో నలుగురు, కింది గుంపులో ఏడుగురు ‘ఎ’ పెట్టారు. కాఠిన్య సూచిక మళ్లీ 0.55. విచక్షణా సూచిక మాత్రం (4 − 7)/10 = −0.3.

బాగా చదివినవాళ్లే ఎక్కువగా తప్పారంటే ముందు కీని, ప్రశ్న వాక్యాన్ని అనుమానించాలి. పై గుంపులో మిగతా ఆరుగురూ ‘సి’ ఎంచుకున్నారు. కొండ మీద నీరు వంద కంటే తక్కువ డిగ్రీలకే మరుగుతుందని తెలిసినవాళ్లకు మార్కు పోయింది. ‘ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద’ అన్న మాట చేర్చి, ‘సి’ బదులు మరో ఉష్ణోగ్రత ఇస్తే ప్రశ్న బాగుపడుతుంది. ‘డి’ని ఈ ఇరవై మందిలో ఎవరూ ముట్టలేదు, దాన్నీ మార్చాలి.

ఈ అంకెలకు హద్దులున్నాయి. గుంపుకు పదిమందే కాబట్టి ఒక్క విద్యార్థి జవాబు మారితే విచక్షణ 0.1 కదులుతుంది. దాదాపు అందరూ రాసే ప్రాథమిక ప్రశ్నకు విచక్షణ సున్నాకు దగ్గరే ఉంటుంది. అంతమాత్రాన దాన్ని కొట్టేయక్కర్లేదు. రుణాంకం వచ్చినప్పుడు మాత్రం మార్కులు ప్రకటించే ముందే ఆ ప్రశ్నను మళ్లీ చదవాలి.