'నేను పొరబడకపోతే' అని ఫ్రెంచ్‌లో రాయాలంటే..

ఫ్రెంచ్ క్లయింటు ఇన్‌వాయిస్ గడువు దాటి వారమైంది. డబ్బు రాలేదు. 'మీరు చెల్లించలేదు' అని మెయిల్ పెడితే నేరం మోపినట్టుంటుంది. అక్కడివాళ్లు మొదటి రిమైండర్‌ను తరచూ 'సోఫ్ ఎర్యోర్ ద మా పార్' అని మొదలుపెడతారు. అంటే, నా వైపు పొరబాటు లేకపోతే. ఆ వెంటనే 'మీ చెల్లింపు నాకింకా అందలేదు' అని రాస్తారు. ఇక్కడ కర్త 'మీరు' కాదు, 'నేను' అన్నది గమనించండి. చెల్లింపు నిన్ననే జరిగి ఉంటే, అవతలివాళ్లు ఇబ్బంది పడకుండా ఆ మాట చెప్పొచ్చు.

అయితే అకౌంటు చూసుకున్నాకే ఇలా రాయాలి. చూడకుండా రాస్తే అది మర్యాద కాదు, బద్ధకం!

'ఇల్ సాంబ్లరే క' దారి వేరు. ఇది మన '-నట్టుంది' లాంటిది. మెయిల్‌కి ఫైలు జత చేయడం మరిచారనుకోండి. 'ఇల్ సాంబ్లరే క ల పియెస్ జ్వాంత్ స్వా మాంకాంత్' అంటే, అటాచ్‌మెంట్ లేనట్టుంది అని. మరిచిందెవరో వాక్యంలో ఉండదు. 'ఎ' బదులు 'స్వా' రావడం సబ్జాంక్టివ్ వల్ల. 'ఎ' వాడేవాళ్లూ ఉన్నారు కానీ, ఆఫీసు మెయిల్‌లో 'స్వా' నప్పుతుంది.

రెండూ ఒకే వాక్యంలో పెట్టొద్దు, నసిగినట్టుంటుంది. మీకు మాత్రమే తెలిసిన విషయానికీ ఇవి వద్దు. 'నేను పొరబడకపోతే, రేపు నాకు సెలవు' అంటే చదివినవాళ్లు నవ్వుకుంటారు. రిమైండర్లకు బదులు రాక, చివరి నోటీసు 'మీజ్ ఆన్ దమ్యోర్' పంపేటప్పుడు కూడా ఈ మెత్తదనం పక్కనపెట్టి, ఇన్‌వాయిస్ నంబరు, మొత్తం, గడువు తేదీ సూటిగా రాయండి.