రెండు మలుపులు, ఒక్క ఇరుసు

లూడో పాచిక ఒకటి తీసుకుని బల్ల మీద ఎదురుగా పెట్టుకోండి. పైముఖం, మీ వైపున్న ముఖం, కుడివైపు ముఖం మూడూ కలిసే మూల ఒకటుంటుంది కదా, దాని మీద పెన్నుతో చుక్క పెట్టండి. ఇప్పుడు పాచికను ఎడమవైపుకు ఒక్కసారి దొర్లించండి. కుడిముఖం పైకొస్తుంది, పైముఖం ఎడమకు పోతుంది. ఆ తర్వాత పాచికను ఎత్తకుండా, గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా పావుచుట్టు తిప్పండి. చుక్క ఎక్కడుంది? మొదట ఉన్న మూలలోనే ఉంది.

చుక్క మాత్రం వచ్చి పాత చోటే చేరింది గానీ దాని చుట్టూ ఉన్న ముఖాలు మారిపోయాయి. మీ వైపున్నది కుడికి, కుడిది పైకి, పైది మీ వైపుకు వచ్చాయి. ఇప్పుడు పాచికను మళ్లీ మొదట్లో ఉన్నట్టు పెట్టి, చుక్కున్న మూలనూ దానికి సరిగ్గా ఎదురుమూలనూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, చుట్టులో మూడో వంతు తిప్పి చూడండి. అదే ఫలితం వస్తుంది. రెండు వేర్వేరు అక్షాల మీద చేసిన రెండు 90 డిగ్రీల మలుపులు కలిసి 120 డిగ్రీల ఒకే ఒక్క మలుపయ్యాయి. దాని అక్షం మనం ముట్టుకోని మూడోది, ఘనానికి అడ్డంగా పోయే కర్ణం.

ఇది పాచిక ప్రత్యేకత కాదు. కేంద్రం కదలకుండా ఒక గట్టి వస్తువును ఎన్ని రకాలుగా తిప్పినా చివరి ఫలితం ఒకే అక్షం మీద ఒకే కోణంతో తిప్పినదానికి సమానమని లియోన్‌హార్డ్ ఆయిలర్ 1775లో చూపాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పోయింది. ఆయన రుజువు గోళం మీద గీసే గీతలతో నడుస్తుంది. మాత్రికల బీజగణితం అప్పటికింకా పుట్టలేదు. మనకిప్పుడు అది ఉంది కనుక, అక్షాన్నీ కోణాన్నీ తొమ్మిది అంకెల నుంచి లాగేయవచ్చు.

ఆ తొమ్మిది అంకెలు ఎలా వస్తాయో చూద్దాం. మీ వైపు వచ్చే దిశను x, కుడి దిశను y, పైదిశను z అనుకుందాం. తిప్పాక x ఎటు పోయిందో మొదటి నిలువు వరుసలో, y ఎటు పోయిందో రెండో దాంట్లో, z ఎటు పోయిందో మూడో దాంట్లో రాస్తాం. మన పాచికలో x పోయి y అయింది, y పోయి z అయింది, z పోయి x అయింది.

```
      0  0  1
R =   1  0  0
      0  1  0
```

అక్షం అంటే ఏమిటి? తిప్పినా కదలని బాణం. దాన్ని v అనుకుంటే Rv = v కావాలి. ఒక మాత్రిక ఒక సదిశను తన గీత మీదే ఉంచి, λ అనే సంఖ్యతో హెచ్చించి మాత్రమే వదిలిపెడితే ఆ సదిశను ఐగెన్ సదిశ అనీ, ఆ λను ఐగెన్ విలువ అనీ అంటారు. అంటే అక్షం ఐగెన్ విలువ 1గా ఉన్న ఐగెన్ సదిశ. మన R ఒక సదిశలోని (a, b, c)ని (c, a, b)గా మారుస్తుంది. మారకుండా ఉండాలంటే మూడూ సమానం కావాలి. అందుకే అక్షం (1, 1, 1), చుక్క పెట్టిన మూల వైపు చూసే దిశ.

ఇక కోణం. R కు ఐగెన్ విలువల సమీకరణం రాస్తే λ³ = 1 అని వస్తుంది. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లకు ఇది పాత పరిచయమే: 1కి ఘనమూలాలు 1, ω, ω². ఇందులో 1 అక్షానిది. మిగిలిన ω, ω² సంకీర్ణ సంఖ్యలు. ω విలువ −1/2 + i√3/2, అంటే cos 120° + i sin 120°. కోణం అక్కడే రాసిపెట్టి ఉంది. ఏ భ్రమణమైనా ఇంతే: ఐగెన్ విలువలు 1, cos θ + i sin θ, cos θ − i sin θ.

సంకీర్ణ సంఖ్యలు ఇందులోకి ఎందుకు దూరాయి? అక్షానికి లంబంగా ఉన్న తలంలో ఏ బాణాన్ని తీసుకున్నా అది θ మేరకు పక్కకు తిరిగిపోతుంది, తన గీత మీద నిలవదు. నిలవని బాణానికి మామూలు సంఖ్యల్లో ఐగెన్ విలువ దొరకదు. మరి 1 మాత్రం తప్పకుండా దొరుకుతుందన్న హామీ ఏమిటి? భ్రమణం దేన్నీ సాగదీయదు కనుక ప్రతి ఐగెన్ విలువ పరిమాణమూ 1. మూడింటి లబ్ధం, అంటే మాత్రిక నిర్ధారకం, కూడా 1. సంకీర్ణ విలువలు జంటగానే వస్తాయి, ఆ జంట లబ్ధం 1. కాబట్టి మిగిలిన ఒంటరి విలువ 1 కాక తప్పదు. ఆయిలర్ సిద్ధాంతం ఈ నాలుగు వాక్యాల్లో ఇమిడిపోతుంది. కాగితం మీది రెండు కొలతల భ్రమణంలో జంటే ఉంటుంది, ఒంటరి ఉండదు. అందుకే కాగితంలో అక్షం ఉండదు, అది కాగితాన్ని పొడుచుకుని బయటికి పోతుంది.

మూడు ఐగెన్ విలువల మొత్తం 1 + 2cos θ. ఈ మొత్తం మాత్రిక జాడకు, అంటే ప్రధాన వికర్ణంలోని మూడు అంకెల మొత్తానికి సమానం. మన R లో అది 0. అంటే cos θ = −1/2, కోణం 120 డిగ్రీలు. సమీకరణం సాధించాల్సిన పని కూడా లేకుండా పోయింది.

చాలా పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం. (1, 1, 1) ఐగెన్ సదిశ అయితే (−1, −1, −1) కూడా అంతే. కంప్యూటర్‌లో `numpy.linalg.eig` లాంటి ఆదేశం ఈ రెండింటిలో ఏది చేతికిస్తుందో ముందే చెప్పలేం. ఇటు cos θ నుంచి వెనక్కి తీసిన కోణం ఎప్పుడూ 0కీ 180కీ మధ్యే ఉంటుంది, తిరిగే వైపు చెప్పదు. ω, ω² జంట కూడా చెప్పదు. +120కీ −120కీ అదే జంట వస్తుంది. ఒక చేత్తో (−1, −1, −1)నూ మరో చేత్తో 120నూ తీసుకుని కలిపితే పాచిక ఎదురు దిశలో తిరుగుతుంది: మీ వైపున్న ముఖం కుడికి పోవాల్సింది పోయి పైకెక్కుతుంది. జాడ సరిపోతుంది, అక్షం గీత సరిపోతుంది, బొమ్మ మాత్రం తప్పు. పట్టుకునే దారి ఒక్కటే. వచ్చిన అక్షం, కోణాలతో మాత్రికను మళ్లీ కట్టి, మొదటి R తో పోల్చి చూడాలి.

అక్షం గుర్తునూ కోణం గుర్తునూ విడదీయకూడదు. వాటిని కలిపి ఉంచే ముడి సంకీర్ణ ఐగెన్ సదిశలోనే ఉంది. ω కు చెందిన ఐగెన్ సదిశ (1, ω², ω). దీన్ని వాస్తవ భాగం p గానూ, i పక్కనున్న భాగం q గానూ విడదీస్తే p = (1, −1/2, −1/2), q = (0, −√3/2, √3/2) వస్తాయి. రెండూ అక్షానికి లంబం, ఒకదానికొకటి లంబం, పొడవులు సమానం. ఐగెన్ సమీకరణాన్ని విప్పితే Rp = cos θ · p − sin θ · q అని తేలుతుంది. అంటే భ్రమణం p ని q కు ఎదురువైపుగా తోస్తోంది. అందువల్ల సరైన అక్షం q × p దిశ. లెక్కకడితే మూడు భాగాలూ √3/2 చొప్పున వస్తాయి. అది (1, 1, 1) దిశే, (−1, −1, −1) కాదు. సందేహం తీరిపోయింది.

రోజువారీ పనిలో ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. మాత్రికలో ప్రధాన వికర్ణానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న అంకెల తేడాలు తీస్తే చాలు:

```
d = (R32 − R23,  R13 − R31,  R21 − R12)
```

ఈ d అక్షం దిశలోనే ఉంటుంది, పొడవు 2 sin θ. మన R కు d = (1, 1, 1), పొడవు √3, అదే 2 sin 120°. గుర్తు దానంతటదే కుదిరింది. కోణానికి d పొడవునూ, జాడలోంచి 1 తీసేసిన సంఖ్యనూ కలిపి `atan2` కి ఇవ్వాలి. కేవలం జాడ మీద ఆధారపడితే చిన్న కోణాల దగ్గర దెబ్బ తింటాం. θ = 10⁻⁹ రేడియన్లు అయితే cos θ కు 1కి ఉన్న తేడా 5×10⁻¹⁹. కంప్యూటర్ మామూలుగా వాడే పదహారు అంకెల లెక్కలో అది కనబడకుండా పోయి కోణం సున్నా అయి కూర్చుంటుంది. d లో మాత్రం 2×10⁻⁹ భద్రంగా ఉంటుంది. ఇంకా ఘోరం, గుండ్రం చేయడంలో జాడ 3 కన్నా ఒక్క వెంట్రుక పెరిగితే cos θ 1 దాటుతుంది, అప్పుడు అసలు జవాబే రాదు.

d కూడా ఒకచోట చేతులెత్తేస్తుంది. సరిగ్గా 180 డిగ్రీల దగ్గర sin θ సున్నా, d మొత్తం సున్నా. సంకీర్ణ జంట రెండూ −1 అయిపోతాయి. అక్కడ R వికర్ణానికి ఒక్కొక్కటి 1 కలిపితే ప్రతి నిలువు వరుసా అక్షం గీత మీదే పడుతుంది. సున్నాలు కాని వరుస ఒకటి ఎంచుకుంటే సరి. గుర్తు గొడవ ఇక్కడ లేదు, సగం చుట్టుకు ఎటు తిప్పినా ఒకటే.

జాడకు ఇంకో సుగుణం ఉంది. మనం x, y, z గీతలను ఎలా ఎంచుకున్నా అది మారదు, ఒకదానికొకటి లంబంగా లేకపోయినా సరే. స్ఫటికాల శాస్త్రం దీన్ని గట్టిగా వాడుకుంటుంది. స్ఫటికంలో అణువుల అమరిక ఒకే లెక్కలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ అమరిక అంచుల వెంటే గీతలు ఎంచుకుంటే, అమరికను తన మీదికే తెచ్చే ఏ భ్రమణ మాత్రికలోనైనా అంకెలన్నీ పూర్ణ సంఖ్యలే. అప్పుడు జాడా పూర్ణ సంఖ్యే. 1 + 2cos θ అనేది −1కీ 3కీ మధ్య పూర్ణ సంఖ్య కావాలంటే కోణం 0, 60, 90, 120, 180 డిగ్రీల్లో ఒకటి కావాల్సిందే. అయిదు మడతల సౌష్ఠవానికి కావాల్సిన 72 డిగ్రీలకు జాడ సుమారు 1.618. కుదరదు.

1982 ఏప్రిల్‌లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తున్న డాన్ షెక్ట్‌మన్, వేగంగా చల్లార్చిన అల్యూమినియం–మాంగనీసు మిశ్రమం నుంచి పది మడతల సౌష్ఠవం ఉన్న చుక్కల బొమ్మ చూశాడు. 36 డిగ్రీలకు జాడ సుమారు 2.618, అదీ పూర్ణ సంఖ్య కాదు. ఆ వ్యాసం 1984లో అచ్చయింది, 2011లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. జాడ లెక్క తప్పు కాలేదు. ఆ మిశ్రమంలో అణువుల వరుసకు క్రమం ఉంది గానీ, మళ్లీ మళ్లీ వచ్చే అమరిక లేదు. అందుకే దాని భ్రమణాలకు పూర్ణ సంఖ్యల మాత్రిక కట్టడానికి కావాల్సిన అంచులే లేవు.