ఊపిరి ముందు, ఎముక వెనుక

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు కాలి నొప్పి చాలావరకు మొదటి వారంలో రాదు. మూడో వారంలోనో నాలుగో వారంలోనో, ఆయాసం తగ్గి ‘ఇక పర్వాలేదు’ అనుకునేటప్పుడు వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. పైగా కొత్త ఒత్తిడి పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలిచి, ఆ తర్వాతే కొత్తది నింపుతుంది. ఈలోగా ఎముక కాస్త బలహీనంగానే ఉంటుంది.

1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ రూపొందించిన ‘కౌచ్ టు 5కె’ పద్ధతిలో నడక ఎక్కువ, పరుగు తక్కువగా మొదలయ్యేది అందుకే. వారానికి మూడు రోజులే, మధ్యలో విశ్రాంతి. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఇలా 20 నిమిషాలు. తొమ్మిదో వారానికి ఆగకుండా 30 నిమిషాలు. పరుగెడుతూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. పక్కన చకచకా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోయినా పట్టించుకోకండి.

రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నలభై ఏళ్లావిడ మూడో వారానికి వచ్చిందనుకుందాం. ఇప్పుడు మూడేసి నిమిషాలు పరుగెత్తాలి. మోకాలి కింద ఎముక లోపలి అంచున జానెడు మేర సలుపుతోంది, కాళ్లు వేడెక్కాక తగ్గుతోంది. ఆమె నాలుగైదు రోజులు పరుగు మానేసి, నొప్పి లేనంతవరకే నడవాలి. తగ్గాక రెండో వారం పాఠానికి వెనక్కి వెళ్లాలి. అడుగు చిన్నది చేసి, పాదం ఒంటికి మరీ ముందు కాకుండా దాదాపు కిందే పడేలా చూసుకోవాలి. అలా కాకుండా నొప్పి వేలితో చూపించగలిగేంత చోటే ఉండి, ఒంటికాలిపై గెంతితే గుచ్చుతుంటే, రాత్రి పడుకున్నా వదలకపోతే ఎముక చిట్లి ఉండొచ్చు. అప్పుడు ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు; సన్నని చిట్లు మొదటి వారాల్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. (గుండె జబ్బు, బీపీ, సుగర్ ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టకముందే డాక్టరును అడగాలి.)

ఇంకో గండం అయిదో వారం. మొదటి రోజు అయిదేసి నిమిషాలు మూడుసార్లు, రెండో రోజు ఎనిమిదేసి రెండుసార్లు, మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు. మొత్తం పరుగు 15, 16, 20 నిమిషాలే కాబట్టి పెద్ద తేడా కనిపించదు. కానీ కాలికి మధ్యలో దొరికే ఊరట పోతుంది. నా మాట వింటే, 20కి ముందు పది నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, మళ్లీ పది నిమిషాల పరుగు చొప్పున ఓ వారం చేయండి. తొమ్మిది వారాలు పన్నెండయినా నష్టం లేదు.

పేరులో 5కె ఉన్నా, నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకు 30 నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లు కూడా రాకపోవచ్చు. మిగతా దూరం కోసం వేగం పెంచితే పోయిన నొప్పి తిరిగొస్తుంది. రెండు మూడు వారాలు 30 నిమిషాల దగ్గరే ఆగి, ఆపైన అదే వేగంతో రెండేసి నిమిషాలు కలుపుకోండి.